మడతలో చిక్కిన గుర్తు, వరుస తప్పిన గుణకాలు

ప్రశ్న: నా స్నేహితుడు పుస్తకంలోని ఒక పేజీని ఫోటో తీసి పంపాడు. అందులోని లెక్కను నిర్ధారకాలతో సాధించాలి. సమీకరణాలు నాకు ఇలా కనిపించాయి.

```
2x + 3y - z = -2
5z + x - 2y = 19
3x + 2z = 12
```

మొదటి సమీకరణంలో z ముందున్న గుర్తు సరిగ్గా పేజీ మడత మీద పడింది. అది ప్లస్సో మైనస్సో తేలక, మైనస్ అనుకుని చేశాను. నాకు Δ = −17, x = 106/17, y = −57/17, z = 75/17 వచ్చాయి. మొదటి సమీకరణంలో ప్రతిక్షేపిస్తే సరిపోయింది. రెండో దానిలో మాత్రం 19కి బదులు 35 వస్తోంది. తప్పు గుర్తులో ఉందా, విస్తరణలో ఉందా? ప్రతి నిర్ధారకాన్నీ విస్తరించి చూపించగలరా? ఫోటో జతచేశాను.

సమాధానం: మీ విస్తరణలో తప్పు లేదు. మీరు రాసుకున్న నిర్ధారకానికి −17 సరైన విలువే. అయితే ఆ నిర్ధారకం ఈ సమీకరణాలది కాదు. రెండో సమీకరణంలోని గుణకాలను పేజీలో కనిపించిన క్రమంలోనే 5, 1, −2 అని, మూడో దానివి 3, 2, 0 అని మీరు దించి ఉంటారు. అలా రాస్తేనే −17 వస్తుంది. కావాలంటే ఒకసారి చూడండి.

```
|  2   3  -1 |
|  5   1  -2 |
|  3   2   0 |

= 2[(1)(0) - (-2)(2)] - 3[(5)(0) - (-2)(3)] + (-1)[(5)(2) - (1)(3)]
= 2(4) - 3(6) - 1(7)
= 8 - 18 - 7
= -17
```

నిర్ధారకానికి x, y, z అన్న అక్షరాలతో పనిలేదు. ఏ సంఖ్య ఏ నిలువు వరుసలో ఉన్నదన్నదే దానికి తెలుస్తుంది. కాబట్టి మీరు సాధించినది 5x + y − 2z = 19, 3x + 2y = 12 అనే వేరే సమీకరణాలను. మొదటి సమీకరణం పేజీలోనే x, y, z క్రమంలో ఉంది కనుక అది ఒక్కటీ మారకుండా మిగిలి, ప్రతిక్షేపణలో సరిపోయింది. ఒక సమీకరణం సరిపోయి తక్కినవి సరిపోకపోతే, కూడికలను మళ్లీ మళ్లీ తిరగేయడం కన్నా, సరిపోని సమీకరణాలను పేజీ నుంచి ఎలా దించుకున్నామో ముందు చూసుకోవడం మేలు. తప్పు విస్తరణలోనే జరిగి ఉంటే సాధారణంగా మూడు సమీకరణాల్లో ఏదీ సరిపోదు.

ఇక మడత సంగతి. ఫోటోను పెద్దది చేసి చూస్తే z ముందు ఒక అడ్డ గీత స్పష్టంగానూ, దాన్ని ఖండిస్తూ ఒక నిలువు గీత మసకగానూ కనిపిస్తున్నాయి. మొదటి చూపులో ఎవరైనా దాన్ని ప్లస్ అనే చదువుతారు. అయితే అచ్చులోని ప్లస్ గుర్తులో నిలువు గీత అడ్డ గీతంతే పొడవు ఉంటుంది, దాని పై కొస, కింది కొస పంక్తి ఎత్తును దాటవు. మీ ఫోటోలోని నిలువు గీత పంక్తికి పైన మొదలై, కింది సమీకరణం మీదుగా కూడా సాగిపోయింది. అంటే అది కాగితపు మడత నీడే తప్ప సిరా కాదు. అదే పంక్తిలో 3y ముందున్న ప్లస్‌ను పక్కన పెట్టి పోల్చండి, తేడా తెలిసిపోతుంది. గుర్తు మైనస్ అని మీరు తీసుకున్న నిర్ణయం సరైనదే. అయినా ఆ గుర్తు ప్లస్ అయి ఉంటే ఏమయ్యేదో చివర్లో చూద్దాం. ఫోటోల నుంచి లెక్కలు దించుకునే వారికి అది ఉపయోగపడే విషయం.

ముందుగా సమీకరణాలను ఒకే క్రమంలోకి తెచ్చుకోవాలి. x కింద x, y కింద y, z కింద z, సమాన చిహ్నానికి కుడివైపు స్థిరపదం మాత్రమే ఉండాలి. మూడో సమీకరణంలో y లేదు కనుక ఆ చోటును ఖాళీగా వదలకుండా 0y అని రాయాలి. రెండో సమీకరణంలో x ముందు సంఖ్య ఏదీ కనిపించకపోయినా దాని గుణకం 1. పదాలను అటూ ఇటూ మార్చేటప్పుడు ప్రతి పదం తన ముందున్న గుర్తును వెంటబెట్టుకునే కదలాలి.

```
2x + 3y - 1z = -2
1x - 2y + 5z = 19
3x + 0y + 2z = 12
```

ఇక్కడి నుంచి క్రామర్ పద్ధతి. ఎడమవైపున్న తొమ్మిది గుణకాలతో ఏర్పడే నిర్ధారకాన్ని Δ అందాం. అందులో x గుణకాల నిలువు వరుసను తీసేసి, ఆ స్థానంలో −2, 19, 12 అనే స్థిరపదాలను ఉంచితే వచ్చేది Δ₁. అదే విధంగా y వరుస స్థానంలో ఉంచితే Δ₂, z వరుస స్థానంలో ఉంచితే Δ₃ వస్తాయి. Δ సున్న కానప్పుడు x = Δ₁/Δ, y = Δ₂/Δ, z = Δ₃/Δ అవుతాయి.

ఇది ఎందుకు పనిచేస్తుందో ఒక్కసారి గ్రహిస్తే సూత్రాన్ని బట్టీ పట్టే అవసరం ఉండదు. మూడు సమీకరణాలనూ కలిపి నిలువుగా చదివితే, స్థిరపదాల వరుస అంటే x గుణకాల వరుసకు x రెట్లు, y గుణకాల వరుసకు y రెట్లు, z గుణకాల వరుసకు z రెట్లు కలిపినదే. దాన్ని Δ₁ మొదటి నిలువు వరుసలో ఉంచగానే ఆ నిర్ధారకం మూడు నిర్ధారకాల మొత్తంగా విడిపోతుంది. వాటిలో రెండింటికి ఒకే నిలువు వరుస రెండుసార్లు రావడంతో వాటి విలువ సున్న అయిపోతుంది. మిగిలేది xΔ. అందుకే Δ₁ = xΔ.

ఇప్పుడు విస్తరణలు. నాలుగింటినీ మొదటి అడ్డు వరుస వెంటే విస్తరిస్తాను. ఆ వరుసలోని మూడు స్థానాల గుర్తులు వరుసగా +, −, +. ప్రతి సంఖ్యకూ, దాని అడ్డు వరుసనూ నిలువు వరుసనూ కొట్టేయగా మిగిలిన నాలుగు సంఖ్యల చిన్న నిర్ధారకంతో గుణకారం. చిన్న నిర్ధారకం విలువ అంటే ఎడమ పై మూల నుంచి కుడి కింది మూలకు వెళ్లే లబ్ధంలోంచి రెండో కర్ణపు లబ్ధాన్ని తీసివేయగా వచ్చేది.

```
      |  2   3  -1 |
Δ  =  |  1  -2   5 |
      |  3   0   2 |

= 2[(-2)(2) - (5)(0)] - 3[(1)(2) - (5)(3)] + (-1)[(1)(0) - (-2)(3)]
= 2(-4 - 0) - 3(2 - 15) - 1(0 + 6)
= 2(-4) - 3(-13) - 1(6)
= -8 + 39 - 6
= 25
```

మూడో పదంలోని (1)(0) − (−2)(3) దగ్గర కొంచెం ఆగాలి. అక్కడ తీసివేయాల్సిన లబ్ధమే −6, కాబట్టి దాన్ని తీసివేయడమంటే 6 కలపడం. ఈ రెండు మైనస్‌లను కలిపి మనసులోనే తేల్చేయకుండా, బ్రాకెట్లు పెట్టి రాసుకోవాలని నేను గట్టిగా చెబుతాను. ఈ లెక్కల్లో దొర్లే తప్పుల్లో ఎక్కువ భాగం అక్కడే పుడతాయి.

Δ తప్పయితే మూడు జవాబులూ తప్పుతాయి కనుక, దాన్ని మరో వరుస వెంట విస్తరించి సరిచూడటం వృథా శ్రమ కాదు. రెండో నిలువు వరుసలో సున్న ఉంది, అందువల్ల ఒక పదం తగ్గుతుంది. ఆ నిలువు వరుస స్థానాల గుర్తులు −, +, −.

```
Δ = -3[(1)(2) - (5)(3)] + (-2)[(2)(2) - (-1)(3)] - 0
  = -3(-13) - 2(4 + 3)
  = 39 - 14
  = 25
```

రెండు దారుల్లోనూ 25 వచ్చింది. ఇది సున్న కాదు కనుక ఈ సమీకరణాలకు ఒకే ఒక్క సాధన ఉంది, ముందుకు వెళ్లవచ్చు.

```
      | -2   3  -1 |
Δ₁ =  | 19  -2   5 |
      | 12   0   2 |

= -2[(-2)(2) - (5)(0)] - 3[(19)(2) - (5)(12)] + (-1)[(19)(0) - (-2)(12)]
= -2(-4 - 0) - 3(38 - 60) - 1(0 + 24)
= -2(-4) - 3(-22) - 1(24)
= 8 + 66 - 24
= 50
```

ఇందులో మొదటి చిన్న నిర్ధారకం −4 అన్నది Δలో వచ్చినదే, మళ్లీ లెక్కించనక్కరలేదు. మారింది మొదటి నిలువు వరుస మాత్రమే. మొదటి స్థానపు చిన్న నిర్ధారకంలో ఆ వరుస ఉండదు. కొత్తగా ఏమి లెక్కించాలో, పాతది ఏమి మిగులుతుందో ఇలా గమనించుకుంటూ పోతే సగం పని తగ్గడమే కాకుండా, పాత విలువ మళ్లీ రాకపోతే ఎక్కడో తప్పు దించామని వెంటనే తెలుస్తుంది.

```
      |  2  -2  -1 |
Δ₂ =  |  1  19   5 |
      |  3  12   2 |

= 2[(19)(2) - (5)(12)] - (-2)[(1)(2) - (5)(3)] + (-1)[(1)(12) - (19)(3)]
= 2(38 - 60) + 2(2 - 15) - 1(12 - 57)
= 2(-22) + 2(-13) - 1(-45)
= -44 - 26 + 45
= -25
```

నాలుగింటిలోనూ జాగ్రత్తగా చేయవలసినది ఈ Δ₂. మధ్య స్థానానికి సహజంగా ఉండే మైనస్ ఒకటి, ఆ స్థానంలోకి వచ్చిన −2కు సొంతంగా ఉన్న మైనస్ మరొకటి. ఈ రెండూ కలిసి ప్లస్ అయ్యాయి. ఆ ప్లస్ పక్కనున్న బ్రాకెట్ విలువ −13 కావడం వల్ల చివరికి −26 వచ్చింది. ఒక్క మైనస్‌ను మరిచిపోయి +26 వేసుకుంటే Δ₂ = 27 అయి, y = 27/25 అనే భిన్నం వచ్చేది. ఈ నిర్ధారకంలో సున్న ఎక్కడా లేదు కాబట్టి సులువైన రెండో దారి లేదు, అయినా మొదటి నిలువు వరుస వెంట ఒకసారి సరిచూద్దాం.

```
Δ₂ = 2[(19)(2) - (5)(12)] - 1[(-2)(2) - (-1)(12)] + 3[(-2)(5) - (-1)(19)]
   = 2(-22) - 1(-4 + 12) + 3(-10 + 19)
   = -44 - 8 + 27
   = -25
```

ఇక చివరిది.

```
      |  2   3  -2 |
Δ₃ =  |  1  -2  19 |
      |  3   0  12 |

= 2[(-2)(12) - (19)(0)] - 3[(1)(12) - (19)(3)] + (-2)[(1)(0) - (-2)(3)]
= 2(-24 - 0) - 3(12 - 57) - 2(0 + 6)
= 2(-24) - 3(-45) - 2(6)
= -48 + 135 - 12
= 75
```

ఇక్కడ చివరి బ్రాకెట్ విలువ 6 కూడా Δలో వచ్చినదే. మారింది మూడో నిలువు వరుస కనుక, మూడో స్థానపు చిన్న నిర్ధారకం మారలేదు.

```
x = Δ₁/Δ = 50/25  = 2
y = Δ₂/Δ = -25/25 = -1
z = Δ₃/Δ = 75/25  = 3
```

ప్రతిక్షేపణను క్రమంలో పెట్టుకున్న సమీకరణాల్లో కాకుండా, పేజీలో అచ్చయిన రూపంలోనే చేయండి. క్రమం మార్చేటప్పుడు తప్పు జరిగి ఉంటే అది మార్చిన సమీకరణాల్లో దాగిపోతుంది, అచ్చు రూపంలో మాత్రం బయటపడుతుంది. మీకు 35 వచ్చి సందేహం కలిగింది కూడా మీరు అచ్చు రూపంలో ప్రతిక్షేపించడం వల్లనే.

```
2(2) + 3(-1) - 3 = 4 - 3 - 3  = -2
5(3) + 2 - 2(-1) = 15 + 2 + 2 = 19
3(2) + 2(3)      = 6 + 6      = 12
```

ఇప్పుడు మడతలోని గుర్తు విషయానికి వద్దాం. అది నిజంగానే తేలకపోతే, లెక్క మొత్తాన్ని రెండుసార్లు చేయవలసిన పని లేదు. అనుమానం ఉన్న గుణకాన్ని t అనే అక్షరంగానే ఉంచి, పైన వచ్చిన చిన్న నిర్ధారకాలనే వాడుకోవచ్చు. మొదటి అడ్డు వరుస వెంట విస్తరించినప్పుడు t ఒక్క పదంలోనే వస్తుంది, తక్కిన రెండు పదాలు ఎప్పటిలాగే ఉంటాయి.

```
Δ  = -8 + 39 + t(6)    = 31 + 6t
Δ₁ = 8 + 66 + t(24)    = 74 + 24t
Δ₂ = -44 - 26 + t(-45) = -70 - 45t
Δ₃ = 75
```

Δ₃లో t అసలు లేదు. z గుణకాల వరుసను తీసేసి స్థిరపదాలు పెట్టాం కాబట్టి, z గుణకం ఏదైనా దానికి ఒకటే. t = −1 వేస్తే పైన వచ్చిన 25, 50, −25 మళ్లీ వస్తాయి. t = 1 వేస్తే Δ = 37, Δ₁ = 98, Δ₂ = −115 అవుతాయి. అప్పుడు x = 98/37, y = −115/37, z = 75/37.

ఈ భిన్నాలు కూడా, మొదటి సమీకరణాన్ని 2x + 3y + z = −2 అని చదువుకున్నప్పుడు మూడు సమీకరణాలనూ తృప్తిపరుస్తాయి. మొదటి దానిలో వేసి చూస్తే (196 − 345 + 75)/37 = −74/37 = −2. కాబట్టి ప్రతిక్షేపణ సరిపోయిందంటే మనం చదివిన సమీకరణాలను సరిగ్గా సాధించామని మాత్రమే అర్థం. పేజీని సరిగ్గా చదివామో లేదో అది చెప్పలేదు. 2, −1, 3 వంటి పూర్ణాంకాలు రావడం అభ్యాస పుస్తకాల అలవాటును బట్టి మైనస్ వైపే మొగ్గు చూపుతుంది. దాన్ని బలమైన సూచన అనవచ్చు గాని రుజువు అనలేం, ఎందుకంటే భిన్నాలు వచ్చే లెక్కలను ఇవ్వకూడదన్న నియమం ఏదీ లేదు. నేను మైనస్ అని చెప్పినది ముఖ్యంగా మడత గీత పొడవును చూసి, పూర్ణాంకాలు దానికి తోడు నిలిచాయి. గుర్తు అసలే కనిపించని ఫోటో అయితే, ఆ ఒక్క పంక్తిని దగ్గరగా, పేజీని చదునుగా నొక్కిపెట్టి, పక్క నుంచి వెలుతురు పడకుండా మళ్లీ తీసి పంపమని అడగడమే సరైన పని.

Δ = 31 + 6t అన్న రూపం మరో విషయాన్ని కూడా చూపిస్తుంది. t విలువ −31/6 అయితే Δ సున్న అవుతుంది. అలాంటి గుణకాన్ని ఎవరూ అచ్చు వేయరు కాబట్టి మీ లెక్కకు ఆ భయం లేదు. కానీ వేరే లెక్కలో Δ సున్న వస్తే, ముందు గుణకాలను పేజీతో మళ్లీ పోల్చి, అవి సరిగ్గానే ఉంటే క్రామర్ పద్ధతిని అక్కడితో ఆపాలి. Δ సున్న అయి, Δ₁, Δ₂, Δ₃లలో ఏ ఒక్కటైనా సున్న కాకపోతే ఆ సమీకరణాలకు సాధనే ఉండదు. నాలుగూ సున్నలైతే అనంతమైన సాధనలు ఉంటాయని చాలామంది వెంటనే రాసేస్తారు, కానీ అది కొన్నిసార్లు మాత్రమే నిజం. ఉదాహరణకు x + y + z = 1, 2x + 2y + 2z = 5, 3x + 3y + 3z = 8 తీసుకోండి. నాలుగు నిర్ధారకాల్లోనూ కనీసం రెండు నిలువు వరుసలు ఒకటే కావడం వల్ల అన్నీ సున్నలే. అయినా మొదటి దాన్ని రెట్టింపు చేస్తే కుడివైపు 2 రావాలి, రెండోది 5 అంటోంది. ఇటువంటి చోట నిర్ధారకాలను పక్కనపెట్టి, ఒక సమీకరణాన్ని మరో దానిలోంచి తీసివేస్తూ చలరాశులను తొలగించి చూస్తే, చివరికి 0 = 3 వంటి అసాధ్యం మిగులుతుందో, 0 = 0 మిగులుతుందో తెలుస్తుంది. మొదటి సందర్భంలో సాధన లేదు, రెండో సందర్భంలో అనంతంగా ఉన్నాయి.